నంబర్లు తగ్గే వైపు

హోటలు గది తలుపు వెనక అంటించిన కాగితాన్ని చదివేవాళ్లు లోకంలో ఇద్దరే. సరిగ్గా అంటుకుందా లేదా అని చూసే పనివాడొకడు, నిద్ర పట్టక గోడలు చూసే బాటసారి ఒకడు. దుబాసీ కూడా చాలాకాలం అలాగే అనుకుంది. తనే అలాంటి కాగితం ఒకటి రాశాక, మూడో రకం మనుషులు కూడా ఉంటారని తెలిసింది. రాసిన మనిషి మీద ప్రేమతో చదివేవాళ్లు. వాళ్లు ఒక్క అక్షరం కూడా వదలరు.

ఆమెకు ఆ పేరు పెట్టింది ఆస్పత్రిలో గుండె ఆపరేషనుకు వచ్చిన ఒక పెద్దాయన. డాక్టరు చెప్పింది రోగికి తెలుగులోనూ, రోగి చెప్పింది డాక్టరుకు అక్కడి భాషలోనూ చెప్పడం ఆమె ఉద్యోగం. ఆస్పత్రి రికార్డుల్లో ఆ ఉద్యోగానికి పొడుగాటి పేరు ఏదో ఉంది కానీ, పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. దుబాసీ. ఆయన బాగుపడి వెళ్లిపోయాడు, పేరు మాత్రం ఉండిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం, తన మాట ఒక్కటి కూడా కలపకపోవడం ఆ పనికి మొదటి నియమం. పదకొండేళ్లలో ఆమె ఆ నియమం తప్పలేదు. చావు కబురైనా సరే, చల్లగా చెప్పకుండా చెప్పింది చెప్పినట్టే చెప్పేది. ఆ తర్వాత మెట్ల కిందికి వెళ్లి ఏడ్చేది.

ఆస్పత్రికి ఎదురుగా రోడ్డు దాటితే మూడంతస్తుల పాత హోటలు. రోగుల తాలూకు మనుషులు దిగేది అందులోనే. ఆ వారం మూడో అంతస్తు మొత్తం తెలుగువాళ్లే. మూడొందల పదహారులో ఉన్నది దుబాసీ సొంత అక్క. బావకు గుండె కవాటం మార్చారు, ఆయన వార్డులో ఉన్నాడు. అక్క రాత్రంతా ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చుని, పగలు హోటలుకు వచ్చి పడుకునేది. చెల్లెలి ఇల్లు ఊరికి ఆ చివర, బస్సులో గంటన్నర. బావకు దగ్గరగా ఉంటానని అక్కే పట్టుబట్టి హోటల్లో దిగింది.

అక్క గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ కథ నడవదు. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమే. మిషను కుట్టి చెల్లెల్ని చదివించింది, తను మాత్రం బడి మొహం చూడలేదు. నలభై నిండాక చెల్లెలు పోరగా పోరగా ఫోనులో అక్షరాలు దిద్దింది. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు దారిలో తెలుగు అక్షరం కనిపిస్తే చాలు, మందు సీసా అయినా పెళ్లి కార్డు అయినా, పైకి చదివితే గానీ కదలదు. పక్కనున్నవాళ్లకు తలనొప్పి. ఆమెకు మాత్రం అదొక పండగ.

కాగితం సంగతి ఇలా వచ్చింది. హోటలుకు వెనక వైపు బయటి నుంచి ఇనుప మెట్లు ఉండేవి. తుప్పు పట్టాయని మరమ్మతుకు విప్పేశారు, ప్రతి అంతస్తులోనూ వాటి మీదికి తెరుచుకునే తలుపుకు గడియ పెట్టి అడ్డంగా చెక్క కొట్టారు. అది బాగయ్యేదాకా ముందు వైపు మెట్లు ఒక్కటే దారి. ఫైర్ ఆఫీసువాళ్లు వచ్చి చూసి, గదులు నడుపుకోవాలంటే రెండు షరతులు పెట్టారు. ఆ గది నుంచి దారి ఎటో చూపే కొత్త ప్లాను ప్రతి గదిలోనూ ఉండాలి. దాని పైన జాగ్రత్తల నోటీసు, అక్కడ దిగేవాళ్ల భాషలో ఉండాలి. అయిదు రోజుల్లో, మధ్యాహ్నం మూడింటికి తనిఖీ.

మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు నాలుగు రోజులు కూర్చుని, తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నం ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చాడు. ప్రింటింగు షాపు నాలుగింటికి మూసేస్తుంది, రెండు గంటల్లో తెలుగు కావాలి అన్నాడు. ఊళ్లో పెళ్లికి ముందే మంగళవాద్యాలు మాట్లాడుకోవాలని వీళ్లకు ఎప్పుడు తెలుస్తుందో అని దుబాసీ మనసులో తిట్టుకుంది. అయినా వెళ్లింది. ఆ గదుల్లో ఉన్నది తన మనుషులు.

మేనేజరు గదిలో ఆమెకు తోడు కూర్చున్నది గంటాయన. హోటలు భద్రత చూసే మనిషి. ప్రతి సోమవారం పది గంటలకు ప్రమాద గంట మోగించి పరీక్ష చేస్తాడు కాబట్టి మనవాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టుకున్నారు. ఆయనకు తెలుగు ముక్క రాదు. కానీ పని తెలిసిన మనిషి. పాత నోటీసు ఆమె ముందు పెట్టి మొహం చిట్లించాడు. అందులో మొదట స్వాగతం, తర్వాత హోటలు గొప్పలు, తర్వాత గదిలో పొగ తాగరాదు, ఇస్త్రీ పెట్టె వాడరాదు. గంట మోగితే ఏం చేయాలన్నది తొమ్మిదో అంశం.

గంటాయన చెప్పింది ఒకటే. పొగలో మనిషి మూడు వాక్యాలకు మించి చదవడు, ప్రాణానికి పనికొచ్చేవి పైన పెట్టండి, మర్యాదలన్నీ కింద పెట్టండి. దుబాసీకి ఆ మాట నచ్చింది. పెన్ను తీసి వరస మొత్తం తిరగేసింది. గంట మోగినా, పొగ వచ్చినా, ముందు తలుపును చేతి వెనక వైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవకండి, గదిలోనే ఉండి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి, కిందికి ఫోను చేసి, కిటికీ దగ్గర చెయ్యి ఊపండి. వేడిగా లేకపోతే సామాను వదిలేసి వెంటనే బయటికి రండి, తలుపు మూసి రండి. లిఫ్టు ఎక్కకండి. పొగ ఉంటే బాగా కిందికి వంగి నడవండి. పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు. ఇంత మంచి తెలుగు తను చాలా రోజులకు రాసిందని ఆమెకే అనిపించింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాత నోటీసులో దారి గురించి ఉన్నది ఒక్క మాట, దగ్గరి దారికి కింద ప్లాను చూడండి అని. దుబాసీ ఆ వాక్యం దగ్గర ఆగింది. పొగలో ప్లాను ఎవరు చూస్తారు? మా అక్కకు అక్షరాలు వచ్చు గానీ బొమ్మల్లో దారి తెలుస్తుందా? బల్ల మీద ఒక గది ప్లాను ఉంది, మూడొందల అయిదుది. ఎర్ర చుక్క దగ్గర 'మీరు ఇక్కడ ఉన్నారు' అని ఉంది. ఆకుపచ్చ బాణం తలుపులోంచి బయటికి వచ్చి ఎడమకు తిరిగి మెట్ల దాకా వెళ్లింది. అయితే ఎడమకు. ఆమె మూడో వాక్యంగా, లావు అక్షరాల్లో రాసింది: తలుపు దాటగానే ఎడమ చేతి వైపు తిరగండి, చివర మెట్లు ఉన్నాయి.

నడవాకు అటు పన్నెండు, ఇటు పన్నెండు గదులు. ఎదురెదురు తలుపులు. ఇటువైపు వాళ్ల ఎడమ అటువైపు వాళ్లకు కుడి. చంటిపిల్లకు కూడా తెలిసే సంగతి. కానీ ఆమె నడవాలో నిలబడి రాయలేదు, బల్ల దగ్గర కూర్చుని రాసింది. గడియారం మూడున్నర చూపిస్తోంది. గంటాయన ప్రతి గదికీ వేరువేరు ప్లాన్లు సరిచూసి పెట్టాడు, అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. పైన మాటలు అన్ని గదులకూ ఒకటేనా అని అడిగాడు కూడా. ఒకటే అంది ఆమె. ఆయన సంతకం పెట్టాడు.

సాయంత్రానికి ఇరవై నాలుగు తలుపుల మీదా కాగితాలు అంటుకున్నాయి. ఆ సాయంత్రమే అక్క ఆస్పత్రికి వెళ్లే ముందు దాని ముందు నిలబడి పైకి చదివింది. దుబాసీ పక్కనే ఉంది. ఎంత గర్వం ఆ మొహంలో. నా చెల్లి రాసింది అని ఎదురు గదిలోవాళ్లను పిలిచి మరీ చూపించింది. దుబాసీకి నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. అక్కకు కంగారు ఎక్కువ, ఎవరు ఏ మాట చెబితే అటు పరుగెత్తే రకం. అందుకని గట్టిగా చెప్పింది.

"అక్కా, ఏదన్నా అయితే ఎవరేం చెప్పినా వినకు. ఈ కాగితంలో ఏముందో అదే చెయ్యి."

"చెప్పాలా? ఇది నువ్వు నాకు చెప్పినట్టే కదే" అంది అక్క.

మరునాడు మధ్యాహ్నం రెండు గంటల వేళ దుబాసీ అక్కకు అన్నం డబ్బా తీసుకుని వచ్చింది. అక్క తలుపు తీసి, డబ్బా బల్ల మీద పెట్టమని, బావకు జ్వరం తగ్గిందని చెప్పి, మళ్లీ దుప్పటి ముసుగేసింది. రాత్రంతా మేలుకున్న మనిషి, నిమిషంలో గురక మొదలైంది. దుబాసీ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వచ్చి తన కాగితాన్ని తనే ఒకసారి చదువుకుంది. రాసినవాళ్లకు ఉండే వెర్రి మురిపెం. ఎడమ చేతి వైపు అని చదివి, నవ్వుకుంటూ బయటికి వచ్చి, తలుపు మూసి, ఎడమకే తిరిగింది. మూడొందల పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు. ఆ తర్వాత బట్టల గది, దాని పక్కన గడియ పెట్టి చెక్క కొట్టిన తలుపు. అంతే, దారి లేదు.

మొదట ఆమెకు ఏమీ అర్థం కాలేదు. దారి తప్పానేమో అనుకుంది. బట్టల గది లోపల్నుంచి ఇస్త్రీ చేసినప్పుడు వచ్చే వాసన, కొంచెం మాడిన వాసన వస్తోంది. ఉతికి ఆరబెట్టిన తువ్వాళ్లు అప్పుడే తెచ్చి పడేసినట్టున్నారు అనుకుంది. వెనక్కి తిరిగి నడవాను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. అటువైపు బేసి గదులు, ఇటువైపు సరి గదులు. అప్పుడు తెలిసింది. పన్నెండు గదుల మనుషుల్ని తను దారి లేని గోడ మీదికి పంపింది. లావు అక్షరాల్లో.

ఇక్కడ ఆమె చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది ఆమెకు. అక్క గది నాలుగు తలుపుల అవతల ఉంది. వెళ్లి తట్టి లేపి, అక్కా కాగితం తప్పు, కుడికి వెళ్లాలి అంటే పది క్షణాల పని. పోనీ కాగితం చింపేసినా సరిపోయేది. నిద్ర పాడుచేయడం ఎందుకు, ముందు హోటలువాళ్లకు చెప్పి అన్నీ ఒకేసారి మార్పిద్దాం అనుకుంది. పద్ధతి ప్రకారం పోవాలనుకుంది. మెట్లు దిగి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

మేనేజరు విని, తలుపు వేసి, గొంతు తగ్గించాడు. గంటలో తనిఖీ ఉంది, వచ్చే ఆఫీసరుకు తెలుగు రాదు, కాగితం ఉందా లేదా అనే చూస్తాడు, రేపు పొద్దున తీరిగ్గా మార్చుకుందాం అన్నాడు. ఒక్క రోజులో ఏమవుతుంది మేడం అన్నాడు. దుబాసీ ఒప్పుకోలేదు. పన్నెండు కాగితాలు, ఒక పెన్ను, అర్ధగంట చాలు, నేనే కొట్టేసి కుడి అని రాస్తాను అంది. కొట్టివేతలు ఉంటే ఆఫీసరు అడుగుతాడు అన్నాడు ఆయన. అడగనీ అంది ఆమె. ఈ రాద్ధాంతం పది నిమిషాలు నడిచింది. పది నిమిషాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, ఆమె ఆకులు చేతిలో పెట్టుకుని వాదులాడుతూ కూర్చుంది.

గంట మోగింది.

సోమవారం కాదు, పది గంటలూ కాదు. గంటాయన రిసెప్షను దగ్గర గోడ మీది పెట్టెలో వెలిగిన ఎర్ర దీపాన్ని చూశాడు. మూడో అంతస్తు, వెనక వైపు, బట్టల గది. వంటింటి నూనె గుడ్డలు తువ్వాళ్లతో కలిపి ఉతికి, యంత్రంలోంచి వేడివేడిగా తీసి, చల్లారనివ్వకుండా కుప్ప పోశారు. అలాంటి కుప్ప లోలోపల కుమిలి కుమిలి దానంతట అదే అంటుకుంటుందట. ఇది తర్వాత తెలిసిన సంగతి. అప్పటికి తెలిసింది ఒకటే, ఆ వాసన ఇస్త్రీది కాదు.

ఆమె మెట్ల వైపు పరుగెత్తింది. గంటాయన ఎదురొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పైకి ఎవరినీ వెళ్లనివ్వకూడదు, దిగేవాళ్లకు అడ్డం. మా అక్క ఉంది, కాగితం తప్పు, అటే వెళ్తుంది అని ఆమె అరిచింది, ఏ భాషలో అరిచిందో ఆమెకే తెలియదు. ఆయనకు అర్థమైంది. ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, భుజం పట్టుకుని రిసెప్షను బల్ల వెనక్కి తోశాడు. అక్కడ మైకు ఉంది, ప్రతి అంతస్తు నడవాలోనూ వినిపించేది. అందులో రికార్డు చేసిన హెచ్చరిక అక్కడి భాషలో మోగుతోంది. ఆయన దాన్ని ఆపి, మీట నొక్కి పట్టుకున్నాడు. అప్పటికే ఫైరింజనుకు ఫోను వెళ్లింది.

దుబాసీ మైకు పట్టుకుంది. నోరు తెరిచింది. కుడి అనబోయి ఆగిపోయింది. కుడి అంటే బేసి గదులవాళ్లు అటు పోతారు, వాళ్లకు ఎడమే సరి. సరి గదులు కుడికి, బేసి గదులు ఎడమకు అంటే, కంగారులో ఎవరు లెక్క చూసుకుంటారు? గదిలో ఉన్నవాళ్ల కుడి వేరు, నడవాలోకి వచ్చి ఇప్పటికే తిరిగినవాళ్ల కుడి వేరు. పదకొండేళ్లు మాటలతో బతికిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. పైన అక్క వంగి నడుస్తూ ఉంటుంది. చెప్పింది చెప్పినట్టు, ఎడమ చేతి వైపు.

ఇందాక తను చదువుకుంటూ నడిచిన అంకెలు కళ్ల ముందుకొచ్చాయి. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. తలుపుల పక్కన ఇత్తడి పలకల మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు.

"అందరూ వినండి. తలుపు మీది కాగితంలో ఎడమ అని ఉంది. అది తప్పు. అది రాసింది నేనే. కుడీ ఎడమా చూడకండి. గది నంబర్లు తగ్గే వైపు నడవండి. మూడొందల ఒకటి పక్కన మెట్లు ఉన్నాయి. నంబర్లు తగ్గే వైపు. కనిపించకపోతే గోడ పట్టుకుని చేత్తో తడిమి చూడండి. కిందికి వంగి రండి. తలుపు కాలుతుంటే తెరవకండి, లోపలే ఉండండి."

మళ్లీ చెప్పింది, మళ్లీ చెప్పింది. నాలుగోసారికి గొంతు ఆమెది కాదు.

"అక్కా, నేనే. కాగితం నమ్మకు. నా మాట విను. వెనక్కి తిరుగు అక్కా, నంబర్లు తగ్గే వైపు రా."

మనుషులు దిగడం మొదలైంది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నవాళ్లు, చెప్పులు లేనివాళ్లు, దగ్గుతూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నవాళ్లు. గంటాయన చేతిలో జాబితాతో రోడ్డు అవతల నిలబడి టిక్కులు పెడుతున్నాడు. చాలా గదులవాళ్లు ఆ వేళకు ఆస్పత్రిలో ఉండటం అదృష్టం. మూడో అంతస్తులో ఉన్నది తొమ్మిది మంది. ఎనిమిది మంది వచ్చారు. వాళ్లలో ఇద్దరు సరి గదులవాళ్లు, ఎడమకు తిరిగి, మైకు విని వెనక్కి వచ్చామన్నారు. మీ అక్కగారు మాకంటే ముందే అటు వెళ్లారు, పొగలో మళ్లీ కనిపించలేదు అన్నారు.

ఫైరింజను వచ్చి గొట్టాలు విప్పేదాకా, మాస్కుల మనుషులు మెట్లెక్కేదాకా ఆమె మైకు వదల్లేదు. కరెంటు తీసేశారు, మైకు పని చేయడం లేదని గంటాయన వచ్చి చేతిలోంచి దాన్ని విడిపించాడు. ఆమె రోడ్డు మీద నిలబడి కిటికీలకేసి చూసింది. అక్క తన పెళ్లికి కుట్టిన రవికెలు గుర్తొచ్చాయి, వేళ్లకు సూది గుచ్చుకుని రక్తం వచ్చినా నవ్వుతూ కుట్టింది. అలాంటి మనిషికి తను ఇచ్చింది ఒక కాగితం. దేవుడా, అక్షరాలు నేర్పకపోయి ఉంటే బతికేదే అనుకుంది ఆమె. ఆ మాట అనుకున్నందుకు తనను తనే అసహ్యించుకుంది.

పావుగంట తర్వాత ఇద్దరు మనుషులు అక్కను మోసుకొచ్చారు. మొహమంతా నల్లగా ఉంది. ఊపిరి ఉందంటే ఉంది. మూడొందల ఎనిమిది దగ్గర నేల మీద పడి ఉందట, ఒక చెయ్యి గోడ మీది పలక కింద ఆనించి.

రెండు రోజులు గొట్టంతో ఊపిరి పెట్టారు. ఒకే ఆస్పత్రిలో పై అంతస్తులో బావ, కింద అక్క. దుబాసీ ఇద్దరి మధ్యా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది, లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు. డాక్టరు ఏం చెప్పినా అది తనకోసం తనే తెలుగులో చెప్పుకుంది. మూడో రోజు గొట్టం తీశారు. గొంతు పోయింది, గుసగుసే మిగిలింది. ఆ గుసగుసతోనే, కాగితంలో ఉన్నవన్నీ ఉన్నట్టే చేశానని చెల్లెలికి చెప్పింది. బతుకుతుంది, ఊపిరితిత్తులు కోలుకోవడానికి నెలలు పడుతుంది అన్నారు.

ఆ సాయంత్రం ఫైర్ ఆఫీసు నుంచి విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. వెనక మేనేజరు, ఆయన వెనక గంటాయన. గంటాయన రెండు రోజుల్లో పదేళ్లు పైబడినట్టున్నాడు. కాగితం మీద సంతకం ఆయనది. మూడో అంతస్తు కాగితాలు పొగకు నల్లబడ్డాయని మేనేజరు అన్నీ తీయించి పారేయించాడు. ఆఫీసరు చేతిలో ఉన్నవి హోటలు ముందే పంపిన ప్లాన్ల నకళ్లు మాత్రమే, అవి సరిగ్గానే ఉన్నాయి. మైకులో ఆమె ఏం చెప్పిందో తెలుగువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, ఆ ఎనిమిది మందినీ ఎవరూ అడగలేదు. మేనేజరు నడవాలోనే ఆమెతో చెప్పాడు. చదువు రాని ఆవిడ కంగారుపడి అటు వెళ్లింది, అంతే కదా మేడం, మీకూ మంచిదే, మీ దుబాసీ లైసెన్సు పోకుండా ఉంటుంది అన్నాడు. ఆమె ఆయన్ని దాటుకుని అక్క మంచం వైపు నడిచింది.

రోగి నా సొంత అక్క, వేరేవాళ్లను పిలవండి అని ఆమె ఆఫీసరుతో ముందే చెప్పింది. ఈ ఊళ్లో వేరే తెలుగు దుబాసీలు లేరు కదా, చెప్పింది చెప్పినట్టు చెప్పండి చాలు అన్నాడు ఆయన. పుస్తకం తెరిచి మొదటి ప్రశ్న అడిగాడు. గది బయటికి వచ్చాక మెట్ల వైపు కాక అటు ఎందుకు వెళ్లారు? దుబాసీ తెలుగులో అడిగింది.

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. ఆఫీసరు టోపీని, మేనేజరును, పుస్తకం మీది పెన్నును చూసింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. పిల్లను పెంచిన కళ్లు అవి, ఎవరి మెడ మీద కత్తి ఉందో అర్థం చేసుకోవడానికి వాటికి భాష అక్కర్లేదు.

"నాకు చదువు రాదని చెప్పు" అంది గుసగుసగా. "ఆ కాగితం నేను చూడనే లేదు. వేలిముద్ర మనిషిని, కంగారులో ఎటో పోయాను. అట్లా చెప్పు."

రెండేళ్లు దిద్దిన అక్షరాలు. మందు సీసాల మీద, బస్సుల మీద, పెళ్లి కార్డుల మీద పైకి చదివి ఊరందరినీ విసిగించిన అక్షరాలు. ఒక్క మాటలో తుడిచేసింది. చెల్లెలి కోసం.

"చెప్పవే" అంది అక్క.

పదకొండేళ్లలో మొదటిసారి, దుబాసీ తనకు చెప్పిన మాట కాకుండా వేరే మాట చెప్పింది. ఆఫీసరు వైపు తిరిగి, ఆయన భాషలో, నెమ్మదిగా చెప్పింది. ఆమెకు చదువు వచ్చు. కాగితం మొదటి రోజే పైకి చదివింది. గంట మోగగానే అందులో ఉన్నది ఉన్నట్టు చేసింది. తలుపు తాకి చూసింది, సామాను వదిలేసింది, తలుపు మూసింది, కిందికి వంగి నడిచింది, ఎడమకు తిరిగింది. ఎడమ అని ఉంది కాబట్టి. ఒకే గది ప్లాను చూసి ఆ వాక్యం అన్ని గదులకూ రాసింది నేను. నడిచి చూడలేదు. ఈయనకు తెలుగు రాదు, నన్ను నమ్మి సంతకం పెట్టాడు. గంట మోగడానికి పది నిమిషాల ముందే తప్పు తెలిసి మేనేజరుకు చెప్పాను, అక్కకు చెప్పలేదు.

మేనేజరు మొహం పాలిపోయింది. గంటాయన తల దించుకున్నాడు. ఆఫీసరు పెన్ను ఎత్తి ఆమె వైపు చూశాడు. ఇదంతా ఆవిడ చెప్పిందా అని అడిగాడు. కాదు, ఆవిడ చెప్పింది వేరు, ఇది నా వాంగ్మూలం, నా పేరుతో రాసుకోండి అంది. ఆయన రాసుకున్నాడు.

అక్కకు ఆ భాషలో ఒక్క ముక్క తెలియదు. చెల్లెలు అంతసేపు మాట్లాడటం చూసి అనుమానపడింది. చెయ్యి చాచి వేళ్లు పట్టుకుంది.

"నేను చెప్పినట్టే చెప్పావా?"

"చెప్పానక్కా" అంది దుబాసీ.

"ఏమన్నాడు మరి?"

"రాసుకున్నాడు."

అక్క హమ్మయ్య అన్నట్టు కళ్లు మూసుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తెరిచింది. దిండు పక్కన గోడకు ఆస్పత్రివాళ్లు దుబాసీ చేత రాయించి అంటించిన కాగితం ఉంది. రోగి పేరు, మందుల వేళలు, తెలుగులో. పైనున్న పెద్ద అక్షరాల మీద అక్క చూపు నిలిచింది. పెదాలు కదిలాయి. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతూనే ఉంది, ఆఫీసరు ఇంకా గుమ్మం దాటనే లేదు.